కింద షాపులు, పైన ఫ్లాట్లు: డ్రెయినేజీ పైపు ఏ సైజు వేయాలి, ఎలా పక్కకు తిప్పాలి

కింద షాపులు, పైన ఐదు అంతస్తుల ఫ్లాట్లు. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ మెయిన్ రోడ్డు మీద స్థలం ఉన్నవాళ్లు నా దగ్గరికి తెచ్చే ప్లాన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. బాత్రూముల పక్కన షాఫ్టు ఉంటుంది, పైనుంచి కింది దాకా ఒకే గీతలా దిగుతుంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. తీరా చూస్తే ఆ గీత కింద షాపు నడిమధ్యలో దిగుతుంది. మధ్యలో లెట్రిన్ పైపు ఉన్న షాపుకి అద్దె రాదు. అందుకని మొదటి స్లాబు కింద పైపును పక్కకు తిప్పి, గోడవారకు తీసుకెళ్లి, అక్కడినుంచి మళ్లీ కిందికి దించుతారు. ఇలా తిప్పడాన్నే ఆఫ్‌సెట్ అంటాం.

నేను చూసిన డ్రెయినేజీ తగాదాల్లో ఎక్కువ భాగం ఈ మలుపు దగ్గర పుట్టినవే. పైవాళ్లకు ఏమీ తెలియదు, ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు మాత్రం ఏళ్ల తరబడి పడతారు. కాబట్టి పైపు సైజు ఎంత ఉండాలి, మలుపు ఏ పద్ధతిలో తిప్పాలి, ఫస్ట్ ఫ్లోర్ బాత్రూములను ఎక్కడ కలపాలి అన్న మూడు విషయాలూ స్లాబు సెంటరింగ్ కొట్టకముందే తేల్చుకోవాలి. స్లాబు పడ్డాక మిగిలేవి సర్దుబాట్లే.

సైజు: 75, 90, 110, 160లో ఏది?

బజారులో మురుగుకి వాడే ఎస్‌డబ్ల్యూఆర్ ప్లాస్టిక్ పైపు, మిల్లీమీటర్లలో, ఈ నాలుగు సైజుల్లో దొరుకుతుంది. లెట్రిన్ కలిసే నిలువు పైపుకి 75 గురించి ఆలోచించనక్కర్లేదు. కమోడ్ నుంచి వచ్చే పైపే 90 గానీ 110 గానీ ఉంటుంది, నీరు పోయే దిక్కులో పైపు ఎక్కడా చిన్నదవకూడదు. మిగిలినవి 90, 110, 160. మేస్త్రీలు అలవాటుగా 110 వేస్తారు, ఓనర్లు భయంతో 160 అడుగుతారు. ఇద్దరి మాటా పక్కనపెట్టి ఒకసారి లెక్క వేద్దాం.

మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఫిక్చర్ యూనిట్ల పట్టికలు ఉన్నాయి. చేత్తో వేసుకోవడానికి నాకు ఇంకా తేలికగా అనిపించేది యూరప్ వాళ్ల ఈఎన్ 12056 లెక్క. ప్రతి బేసిన్‌కీ, కమోడ్‌కీ DU అనే ఒక అంకె ఉంటుంది. అన్నీ కూడి, వర్గమూలం తీసి, వాడకాన్ని బట్టి K అనే గుణకంతో గుణించాలి. వచ్చేది Q, సెకనుకు ఎన్ని లీటర్లో.

```
Q = K × √(ΣDU)
```

ఒక బాత్రూము తీసుకుందాం. ఆరు లీటర్ల ఫ్లష్ ఉన్న కమోడ్‌కి 2.0, వాష్ బేసిన్‌కి 0.5, స్నానం నీరు పోయే నహానీ ట్రాప్‌కి 0.8. మొత్తం 3.3. అంతస్తుకి రెండు ఫ్లాట్లు, రెండు బాత్రూములూ ఒకే షాఫ్టుకి వీపు ఆనించి ఉన్నాయి. ఐదు అంతస్తులకు పది బాత్రూములు, అంటే 33. దాని వర్గమూలం సుమారు 5.74. ఇళ్లకు గుణకం 0.5. కాబట్టి ఆ పైపులో ఒక్కసారిగా రాగల నీరు సెకనుకు సుమారు 2.9 లీటర్లు.

పదిమందీ ఒకేసారి ఫ్లష్ నొక్కితే అంతకంటే ఎక్కువే వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది, కానీ పదిమందీ ఒకే నిమిషంలో నొక్కరు. వర్గమూలం తీయడంలో ఉన్న అర్థం అదే.

ఇప్పుడు పైపు ఎంత మోయగలదో చూడాలి. పైకి టెర్రస్ దాకా తెరిచి ఉన్న నిలువు పైపు, బాత్రూము పైపులు కలిసే చోట మామూలు టీ జాయింట్లతో అయితే, 90 సైజు సెకనుకు 2.7 లీటర్లు మోస్తుంది. మనకు 2.9 కావాలి, కాబట్టి 90 చాలదు. 110 సైజు, అంటే లోపల సుమారు 100 మిల్లీమీటర్లు ఉండేది, 4.0 లీటర్లు మోస్తుంది. చాలు, ఇంకా మిగులు ఉంది. 160 పైపు 9.5 మోస్తుంది, అది మనకు అవసరమైన దానికి మూడింతలు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అదే బిల్డింగును రేపు లాడ్జిగా మారిస్తే గుణకం 0.5 నుంచి 0.7 అవుతుంది. పొద్దున్న బస్సులూ రైళ్లూ అందుకునేవాళ్లంతా ఒకే సమయానికి లేస్తారు. అప్పుడు లెక్క 4.02 వస్తుంది, 110 పైపు హద్దు సరిగ్గా దాటిపోతుంది. అప్పుడు కూడా 160కి పోనక్కర్లేదు. ప్రతి అంతస్తులో కలిసే టీ నున్నగా కిందికి వంపు తిరిగిన రకం అయితే అదే 110 పైపు 5.2 లీటర్లు మోస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర్లో కట్టేవాళ్లు లాడ్జి ఆలోచన ఏ మూలనున్నా మొదటి రోజే ఈ వంపు టీలు కొనండి. గోడల్లో దిగిపోయిన టీలను తర్వాత మార్చలేరు.

160 వేస్తే తప్పేంటి, ఎక్కువే కదా అంటారు. నిలువులో పెద్ద తప్పు లేదు, ఖర్చూ షాఫ్టు చోటూ తప్ప. తప్పు అడ్డంగా తిరిగే చోట వస్తుంది. ఆరు లీటర్ల నీరు వెడల్పాటి పైపులో పలచగా పరుచుకుంటుంది. మలం తేలాలంటే కింద నీటికి లోతు కావాలి. పైగా పెద్ద పైపు వేశాం కదా అని వాలు తగ్గించేస్తారు. నీరు ముందుకు పోతుంది, గట్టిది వెనకే ఆగిపోతుంది. అందుకే ఇలాంటి బిల్డింగులో ఒక్కో షాఫ్టుకి 110, అది కూడా టైప్ బి పైపు అన్నది నా మాట. టైప్ ఎ పలచన, అది వాన నీటికీ గాలి పైపుకీ సరిపోతుంది. రెండు మూడు షాఫ్టుల నీరు కలిశాక చాంబర్ల మధ్య భూమిలో పోయే పైపు 160 కావచ్చు, అది వేరే సంగతి.

సైజు లెక్కను ఒక్క దెబ్బతో పాడుచేసేది టెర్రస్ వాన నీరు. పైపు దగ్గర్లో ఉంది కదా అని వాన నీటి పైపును దీంట్లోనే కలిపేస్తారు. వంద చదరపు మీటర్ల టెర్రస్ మీద గంటకు 100 మిల్లీమీటర్ల లెక్కన వాన పడితే సెకనుకు 2.8 లీటర్లు వస్తుంది. అంటే పై పది బాత్రూముల నీటికి దాదాపు సమానం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం మనం. తుఫాను రాత్రి ఆ నీరంతా ఎక్కడ పొంగుతుందో ఊహించుకోండి. వాన నీటికి వేరే పైపు వేయాల్సిందే.

నీరు దూకదు, గోడ పట్టుకుని దిగుతుంది

మలుపు ఎలా తిప్పాలో తేల్చుకునే ముందు నిలువు పైపులో ఏం జరుగుతుందో తెలియాలి. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు ఒక పని దగ్గర పెద్ద మేస్త్రీ నాతో వాదించాడు. "ఐదంతస్తుల మీంచి నీరు దూకుతాది సారూ, ఆ ఊపుకి ఏ ఎల్బో అయితే ఏటి, తన్నుకుని ఎల్లిపోతాది" అన్నాడు. చాలామంది నమ్మకం ఇదే.

నిజానికి నీరు పైపు మధ్యలోంచి దూకదు. ఒకటి రెండు మీటర్లు దిగేలోపే గోడలకు అంటుకుని, గొట్టంలో గొట్టంలా గుండ్రటి పొరగా దిగుతుంది. మధ్యలో గాలి ఉంటుంది. గోడ రాపిడి వల్ల సుమారు ఒక అంతస్తు దిగేసరికి వేగం ఒక స్థాయికి చేరి అక్కడే నిలిచిపోతుంది. 110 పైపు నిండుగా పనిచేస్తున్నప్పుడు అది సెకనుకు 3 నుంచి 4 మీటర్లు. ఐదంతస్తులైనా పదిహేనంతస్తులైనా అంతే. కాబట్టి ఎత్తు వల్ల ఊపు పెరిగి మలుపును తన్నేస్తుందన్నది జరగదు.

నీరు అడ్డం పైపులోకి తిరగగానే వేగం సెకనుకు ఒక మీటరు దగ్గరికి పడిపోతుంది. వెనకనుంచి వచ్చేది మాత్రం అదే వేగంతో వస్తూ ఉంటుంది. దాంతో మలుపు దాటిన వెంటనే నీరు పైకి లేస్తుంది, ఒక్కోసారి పైపు పైకప్పును తాకుతుంది. ఆ క్షణంలో మధ్యలో ఉన్న గాలికి దారి మూసుకుపోతుంది. మలుపుకి పైన గాలి నొక్కుకుంటుంది, కింది నిలువు పైపులో గాలి లాక్కుపోతుంది. వాసన పైకి రాకుండా ఆపే మన ట్రాపుల్లో ఉండేది 50 మిల్లీమీటర్ల నీటి మూత మాత్రమే. నొక్కిన గాలి ఆ మూతను తోసుకుని ఫస్ట్ ఫ్లోర్ బాత్రూములోకి వస్తుంది. గుడగుడ శబ్దం, బుడగలు, నహానీ ట్రాప్‌లోంచి సబ్బు నురగ, తర్వాత వాసన. ఎల్బో ఎంత గట్టిగా మడిచినట్టు ఉంటే ఇదంతా అంత ఎక్కువ.

కాబట్టి ఆఫ్‌సెట్ దగ్గర రెండు వేరు వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి గట్టిది ఆగిపోవడం, రెండోది గాలి ఆగిపోవడం. మలుపు ఎంచుకునేటప్పుడు రెండింటికీ మందు ఉండాలి.

మూడు దారులు

మొదటి దారి అసలు తిప్పకపోవడం. ఓనర్లు దీన్ని వినకుండానే కొట్టిపారేస్తారు. నేను మాత్రం ప్రతిసారీ ముందు ఇదే అడుగుతాను. షాపులో ఏ కాలమ్ పక్కనైనా అడుగున్నర వెడల్పు, అడుగు లోతు చోటు ఇవ్వగలరా? పైన బాత్రూము గోడను ఆ కాలమ్ వరసలోకి జరపగలమా? ప్లాను దశలో బాత్రూము రెండడుగులు జరగడానికి ఒక గీత చెరిపితే చాలు. షాపులో పోయేది ఒకటిన్నర చదరపు అడుగులు, పలక కట్టి మూసేస్తే కాలమ్ కొంచెం లావుగా కనబడుతుంది, అంతే. మలుపు లేని పైపులో పైన చెప్పిన రెండు జబ్బులూ నేల దగ్గరి బెండు వద్ద తప్ప రావు.

రెండో దారి ఏటవాలు జరుపు. రెండు 45 డిగ్రీల బెండ్లు, మధ్యలో ఒక ఏటవాలు ముక్క. పక్కకు ఎంత జరగాలో కిందికి అంతే ఎత్తు కావాలి. 45 సెంటీమీటర్లు జరగాలంటే 45 సెంటీమీటర్ల ఎత్తు, మధ్య గీత మీద సుమారు 64 సెంటీమీటర్ల ఏటవాలు. నీరు ఇక్కడ వేగం పెద్దగా కోల్పోదు, గాలి దారి తెరిచే ఉంటుంది. అందుకే నిలువుకి 45 డిగ్రీల లోపు వంపును నిలువు పైపుగానే లెక్కిస్తారు, సైజు మార్చనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. బెండ్లకు పైన గానీ కింద గానీ 60 సెంటీమీటర్ల లోపు ఏ బాత్రూము పైపూ కలపకూడదు. బీము తప్పించడానికో, గోడ మందం మారిన చోటో రెండడుగుల లోపు జరగాలంటే ఇదే సరైన దారి. మూడు మీటర్లు జరగాలంటే మూడు మీటర్ల ఎత్తు ఎక్కడినుంచి తెస్తాం? షాపులో ఏటవాలుగా పైపు వేలాడుతుంది. అప్పుడు ఇది పనికిరాదు.

మూడో దారి అడ్డం పరుగు. స్లాబు కింద పైపును దాదాపు పడుకోబెట్టి తీసుకెళ్లడం. దూరం ఎక్కువైతే ఇది తప్పదు, కానీ కొన్ని షరతులతోనే. ఇది ఇక నిలువు పైపు కాదు, అడ్డం డ్రెయిను. దాని సైజును అడ్డం డ్రెయినుగా మళ్లీ సరిచూడాలి, వాలు ఇవ్వాలి, గాలికి పక్కదారి ఇవ్వాలి, ఫస్ట్ ఫ్లోర్‌ను దీన్నుంచి వేరు చేయాలి, లోపలికి చెయ్యి పోయే తలుపు పెట్టాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరదన్నా నేను మొదటి దారికే ఒప్పిస్తాను.

పని మీద ఎక్కువగా కనిపించే నాలుగో దారి కూడా ఉంది. రెండు 87.5 డిగ్రీల ఎల్బోలు, మధ్యలో లెవెల్‌గా ఒక ముక్క. ఎత్తు తక్కువ తింటుంది, ఫాల్స్ సీలింగ్ అందంగా వస్తుంది. దాన్ని నేను పోలికలోకే తీసుకోను.

ఒక బిల్డింగు, మూడు మీటర్ల పైచిలుకు

విజయనగరంలో ఈ మధ్య చేసిన పని ఒకటి చెబుతాను. పైన లెక్క వేసిన బిల్డింగే అది, పది బాత్రూములు, సెకనుకు 2.9 లీటర్లు. షాఫ్టు నుంచి పక్క గోడకు దూరం 3.2 మీటర్లు. నేనడిగిన కాలమ్ పక్క చోటు ఓనరు ఇవ్వలేదు, షాపు అప్పటికే బట్టల షోరూముకి మాట్లాడేశారు. కాబట్టి మూడో దారి.

ముందు వాలు. మీటరుకి రెండు సెంటీమీటర్లు, అంటే యాభైకి ఒకటి. 3.2 మీటర్లకు 6.4 సెంటీమీటర్ల దిగుడు. ఈ వాలులో 110 పైపు సగం నిండితే సెకనుకు నాలుగు లీటర్ల పైన పోతుంది, వేగం మీటరు పైన ఉంటుంది. మనకు కావాల్సింది 2.9. కాబట్టి పైపు సగం కంటే తక్కువే నిండుతుంది, పైసగం గాలికి ఖాళీ. అడ్డంలోనూ 110 చాలు.

దారిలో ఒక బీము అడ్డం వచ్చింది, స్లాబుతో కలిపి 45 సెంటీమీటర్ల లోతు. బీముకి కన్నం పెట్టి పైపు దూర్చితే సీలింగ్ పైకి పోతుంది కదా అని ఓనరు అడిగారు. పోసేసిన బీముకి నాలుగంగుళాల కన్నం కోస్తే కమ్మీలు తెగుతాయి, నేను ఒప్పుకోలేదు. పైపు బీము కింద నుంచే వెళ్లింది. పైపు మందం, వాలు, క్లాంపులు కలిపి గోడ దగ్గర బీము అడుగునుంచి 20 సెంటీమీటర్ల దాకా కిందికి వచ్చింది. ఫాల్స్ సీలింగ్‌ని బీము కింద 25 దగ్గర కట్టాం. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు కాబట్టి షాపులో ఇంకా 2.9 మీటర్లు, తొమ్మిదిన్నర అడుగులు మిగిలింది. షోరూమువాళ్లకు అభ్యంతరం లేకపోయింది.

మలుపులు. నిలువు నుంచి అడ్డానికి తిరిగే చోట ఒకే ఎల్బో పెట్టలేదు. రెండు 45 బెండ్లు, మధ్యలో జానెడు పైపు ముక్క. అడ్డం నుంచి మళ్లీ నిలువుకి దిగే చోట కూడా అంతే. పై మలుపు దగ్గర వై ఆకారం జాయింటు ఒకటి పెట్టి, దాని చివరను షాపు వెనక నడవలోకి తీసుకొచ్చి మూత బిగించాం. రేపు ఎప్పుడైనా రాడ్డు తోయాల్సి వస్తే షోరూము తాళం తీయించనక్కర్లేదు, బట్టల మీద చుక్క పడదు. నడవలోంచి రాడ్డు నీరు పోయే దిక్కులోనే పోతుంది. ఎదురు దిక్కులో తోస్తే అడ్డు పడ్డది ఇంకా బిగుస్తుంది.

క్లాంపులు మీటరుకొకటి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. రెండు మీటర్లకొకటి కొడితే పైపు బరువుకి, వేడినీటికి మధ్యలో బొజ్జ దిగుతుంది. ఇచ్చిన రెండు సెంటీమీటర్ల వాలును ఆ బొజ్జ మింగేస్తుంది. అందులో నీరు నిలుస్తుంది, నిలిచిన చోట గట్టిది చేరుతుంది.

ఇక ఫస్ట్ ఫ్లోర్. దాని కమోడ్ పైపు ఈ మలుపుకి 45 సెంటీమీటర్ల ఎత్తులోనే కలుస్తుంది. ఐదంతస్తుల దాకా అయితే అన్నిటికంటే కింది అంతస్తు పైపు మలుపుకి కనీసం 75 సెంటీమీటర్ల పైన కలవాలన్నది ఇంగ్లండ్ రూలు, మన పనులకూ నేను అదే పాటిస్తాను. 45 చాలదు. అందుకని ఫస్ట్ ఫ్లోర్ రెండు బాత్రూములకూ విడిగా ఒక 110 పైపు వేసి, దాన్ని నేరుగా కింది చాంబర్‌లో కలిపాం. చోటు లేకపోతే అడ్డం పరుగులోనే కలపవచ్చు, కానీ పై మలుపు నుంచి పైపు వ్యాసానికి పదిరెట్లు, అంటే మీటరూ పది సెంటీమీటర్లు దాటాక. నీరు పొంగే చోటు అప్పటికి వెనకబడుతుంది. ఖర్చు లెక్కలో ఓనరు గొణిగింది ఈ విడి పైపు మీదే. పది మీటర్ల లోపు పైపు, నాలుగు బెండ్లు. మొత్తం పనిలో దాని అంత విలువైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

గాలి పక్కదారి చివరిది. షాఫ్టులో పక్కనే ఒక 75 పైపు టెర్రస్ దాకా వేశాం. అది ఆఫ్‌సెట్‌కి పైన ఒకచోట, కింద ఒకచోట ప్రధాన పైపుకి కలుస్తుంది. ఫస్ట్ ఫ్లోర్‌ను వేరు చేయడంతో ఖాళీ అయిన చోటే పై కలుపుకి సరిపోయింది. కలిపే వై కొమ్ము పైకి చూడాలి, లేదంటే దిగే మురుగు గాలి పైపులోకి చిమ్ముతుంది. మలుపులో నీరు పొంగినప్పుడు పైన నొక్కుకున్న గాలి ఈ పైపులోంచి చుట్టు తిరిగి కిందికి పోతుంది.

గుడగుడ వేరు, జామ్ వేరు

కొన్నేళ్ల కింద ఒక బిల్డింగులో ఫస్ట్ ఫ్లోర్ పెద్దావిడ నన్ను పిలిచారు. "బాబూ, పైనోల్లు నీల్లొదిలితే మా బాత్రూం గుడగుడమంటాది. నాలుగుసార్లు మనిసిని పెట్టి తోయించినాం, మల్లీ మామూలే" అన్నారు. నాలుగుసార్లు రాడ్డు తోయించారు, ఏమీ దొరకలేదు, డబ్బు పోయింది. దొరకదు, ఎందుకంటే అక్కడ అడ్డు ఏమీ లేదు. ఆవిడ బాత్రూములో రెండు బకెట్లు పోస్తే క్షణంలో పోయాయి. థర్డ్ ఫ్లోర్‌లో ఫ్లష్ నొక్కించాను, ఆవిడ కమోడ్‌లో నీరు ఊగి బుడగలు వచ్చాయి. ఇది గాలి జబ్బు. స్లాబు కింద రెండు ఎల్బోలు, గాలి పైపు లేదు, మలుపుకి అడుగు పైన ఆవిడ పైపు కలిసి ఉంది. ఆవిడ పైపును విడదీసి చాంబర్‌లోకి దించాకే శబ్దం ఆగింది.

కాబట్టి మనిషిని పిలిచే ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. మీరు పోసిన నీరు మీ దగ్గర మెల్లగా పోతే, లేదా నిలబడితే అది జామ్. మీ నీరు బాగా పోతూ, పైవాళ్లు వాడినప్పుడు మాత్రమే శబ్దం, నురగ, వాసన వస్తే అది గాలి. రెండో రకంలో ముందు టెర్రస్ ఎక్కి పైపు కొన చూడండి. వాటర్‌ప్రూఫింగ్ చేసినప్పుడు పైపును కోసి సిమెంటుతో మూసేసిన టెర్రస్‌లు నేను రెండు మూడు చూశాను. గాలికి ఉన్న ఒక్క తలుపూ అక్కడ మూసుకుపోయింది.

నిజమైన జామ్ సంగతి వేరు. అదే ఏడాది ఇంకో చోట ఆఫ్‌సెట్ తలుపు విప్పించాను. పైపు అడుగున అర్ధచంద్రంలా బూడిదరంగు పొర, వేలితో గీకితే రాలలేదు. సిమెంటు. కట్టే రోజుల్లో ప్రతి అంతస్తులో తెరిచి ఉన్న పైపు కొనల్లోకి ప్లాస్టరింగ్ మాలు పడింది, టైల్స్ వేసినవాళ్లు గ్రౌట్ కడిగిన నీళ్లు నహానీ ట్రాప్‌లో పోశారు. నిలువులో అది ఆగదు, మొదటి అడ్డం ముక్కలోకి వచ్చి పడుకుంటుంది. ఇల్లు కొత్తగా ఉన్నన్నాళ్లూ నీరు పోయింది, తర్వాత ఆ గరుకు పొర మీద ఒక్కో ప్యాడ్, ఒక్కో గుడ్డముక్క చిక్కుకుంటూ వచ్చాయి. ఆ 110 పైపు లోపల మిగిలింది అరచెయ్యి మందం సందు. రాడ్డుతో పోయేది కాదు, ఆ ముక్క కోసి కొత్తది వేశాం.

అందుకే ఇప్పుడు నా పనుల్లో ప్రతి పైపు కొనకూ ఆ రోజే మూత పడాలి. సిమెంటు సంచి గుడ్డ కుక్కితే ఒప్పుకోను, ఆ గుడ్డే లోపలికి జారుతుంది. టైల్స్ పని మొదలయ్యే ముందు నహానీ జాలీలకు ప్లాస్టిక్ కాగితం కట్టిస్తాను, టైల్స్ మేస్త్రీకి గ్రౌట్ బకెట్ కడగడానికి బయట ఒక గొయ్యి చూపిస్తాను.

ఫాల్స్ సీలింగ్ వాళ్లు రాకముందు ఒక పూట పరీక్షకు ఉంచుకోండి. ముందు ఆఫ్‌సెట్ కింది కొన మూసి, ఒక అంతస్తు ఎత్తు వరకు నీళ్లు నింపి 15 నిమిషాలు ఆగండి. ప్రతి రబ్బరు రింగు దగ్గరా టిష్యూ కాగితం తాకించి చూడండి. తర్వాత మూత తీసేసి, టాప్ ఫ్లోర్‌లో రెండు కమోడ్లూ ఒకేసారి ఫ్లష్ చేయించండి, ఒకరు సెకండ్ ఫ్లోర్ కమోడ్ దగ్గర నిలబడి నీటి మట్టం చూడాలి. కొంచెం ఊగితే ఫరవాలేదు. బుడగ వస్తే, లేదా ఊగడం ఆగాక మట్టం ముందుకంటే దిగి ఉంటే, గాలి పైపు కలుపులను మళ్లీ చూడాలి. చివరగా పై నుంచి పది పన్నెండు టిష్యూ ఉండలు ఒక్కో ఫ్లష్‌తో వదలండి, నడవలో మూత విప్పి టార్చి వేయండి. ఒక్క ఉండ అడ్డం ముక్కలో ఆగినా అక్కడ లెవెల్ పట్టి చూడండి. సీలింగ్ మూయకముందు అది ఒక క్లాంపు సర్దితే పోయే పని.